మూలాలు సరిగ్గానే వస్తున్నాయి, జవాబే తప్పుతోంది

"సార్, మాది నంద్యాల. ఇంటర్‌లో సీఈసీ, తర్వాత బీకామ్. లెక్కలతో సంబంధం పదో తరగతితోనే తెగిపోయింది. రెండేళ్లుగా బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. పోయినసారి క్లర్క్ ప్రిలిమ్స్ ఒకటిన్నర మార్కులో పోయింది. మాక్ టెస్టుల్లో క్వాడ్రాటిక్స్ ఐదింటికి రెండే కరెక్ట్ అవుతున్నాయి, దానికే ఆరు నిమిషాలు పడుతోంది. x విలువలు, y విలువలు మాత్రం చాలావరకు సరిగ్గానే వస్తున్నాయి. నిన్నటి లెక్క చూడండి, రెండు సమీకరణాలిచ్చి x, y ల మధ్య సంబంధం ఏమిటని అడిగారు. I. x² − 9x + 20 = 0, II. y² − 11y + 28 = 0. x అంటే 4, 5. y అంటే 4, 7. నాలుగుకి నాలుగు సమానం, ఐదు కంటే ఏడు పెద్దది. అందుకని x ≤ y పెట్టాను. తప్పన్నారు. ఎందుకు తప్పని కోచింగ్‌లో అడిగితే సైన్ చార్ట్ బట్టీ పట్టమన్నారు. రూమ్మేట్ ఏమో ఐదింటికీ ఐదో ఆప్షన్, అంటే x = y లేదా సంబంధం చెప్పలేం అన్నదే పెట్టేయమంటోంది. పరీక్షకు ఇంకా 24 రోజులుంది. ఇదే చివరిసారి అని నాన్న అన్నారు. ఈ టాపిక్ వదిలేయమంటారా? రెండు టెస్టుల రఫ్ పేపర్లు ఫొటో తీసి పంపుతున్నాను. పేరు వేయకండి."

మీ రఫ్ పేపర్లు రెండూ ముందు పెట్టుకుని రాస్తున్నానమ్మా. మొత్తం పది లెక్కలున్నాయి. వాటిలో ఏడింటికి మీరు కనుక్కున్న మూలాలు నూటికి నూరుపాళ్లు సరైనవి. ఆ ఏడింట్లో జవాబు కుదిరింది నాలుగింటికే. మిగతా మూడూ మీరు రాసిన నంద్యాల లెక్కలాగే పోయాయి. ఇంకొకటి మైనస్ గుర్తు దగ్గర, ఇంకొకటి వర్గమూలం దగ్గర పోయాయి, ఒకటి వదిలేశారు. అంటే పదో తరగతిలో ఆగిపోయిన లెక్కల వల్ల మీకు జరుగుతున్న నష్టం మీరు అనుకున్నంత లేదు. కారణాంకాలు విడగొట్టడం మీకు వచ్చు. విడగొట్టాక వచ్చిన నాలుగు అంకెలతో ఏం చేయాలన్నది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ముందు అదే మాట్లాడుకుందాం, వదిలేయాలా వద్దా అన్నది తర్వాత.

ఆ లెక్కలో మీరు x లో మొదటిదాన్ని y లో మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో జత కట్టారు. ఆ జత ఎక్కడి నుంచి వచ్చింది? ప్రశ్నలో లేదు. మీరు ఒకదాని కింద ఒకటి రాసుకున్నారు కాబట్టి కంటికి అలా కనిపించింది, అంతే. మొదటి సమీకరణం చెప్పేది x అనేది 4 కావచ్చు, 5 కావచ్చు అని. రెండోది చెప్పేది y అనేది 4 కావచ్చు, 7 కావచ్చు అని. ఈ రెండు సమీకరణాలకూ ఒకదానితో ఒకటి సంబంధమే లేదు. x ఏ విలువ తీసుకుంటే y ఏది తీసుకోవాలో ఎక్కడా రాసి లేదు.

ఇలా అనుకోండి. మీ ఊరి బస్టాండుకి కర్నూలు బస్సు నాలుగింటికైనా రావచ్చు, ఐదింటికైనా రావచ్చు. కడప బస్సు నాలుగింటికైనా రావచ్చు, ఏడింటికైనా రావచ్చు. "కర్నూలు బస్సు ఎప్పుడూ కడప బస్సు తర్వాత రాదు" అని మీరు రాసిస్తారా? రాసివ్వలేరు. ఏదో ఒక రోజు కర్నూలు బస్సు ఐదింటికి వచ్చి, కడప బస్సు నాలుగింటికే వచ్చేసి ఉండొచ్చు. మీ లెక్కలో x = 5, y = 4 అయిన రోజు అదే. ఆ రోజు x పెద్దది. x = 4, y = 7 అయిన రోజు x చిన్నది. ఒక రోజు పెద్దది, ఒక రోజు చిన్నది అయినప్పుడు ఏ గుర్తూ పెట్టలేం. అందుకే జవాబు ఐదో ఆప్షన్, అంటే కోచింగ్‌లో మీరంతా సీఎన్‌డీ అనేది.

సంబంధం చెప్పాలంటే నాలుగు జతలూ ఒకే మాట మీద ఉండాలి. అలాగని పరీక్షలో నాలుగు జతలూ రాయడం మొదలుపెడితే ఆరు నిమిషాలు పది నిమిషాలవుతాయి. దానికి దారి ఉంది. వచ్చిన నాలుగు అంకెల్నీ ఒక గీత మీద చిన్న నుంచి పెద్దకి పెట్టండి, x వి పైన, y వి కింద. మీ లెక్కకి పైన 4, 5. కింద 4, 7. ఇప్పుడు పైన ఉన్న రెండు చుక్కల్నీ కలిపి ఒక ముక్కగా, కింద ఉన్న రెండింటినీ కలిపి ఒక ముక్కగా చూడండి. 4 నుంచి 5 దాకా ఒక ముక్క, 4 నుంచి 7 దాకా ఒక ముక్క. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అలా మీద పడితే ఇక చూడక్కర్లేదు, సీఎన్‌డీ.

రెండు ముక్కలూ పూర్తిగా విడిగా, మధ్యలో ఖాళీతో ఉంటే > లేదా <. సరిగ్గా కొనల దగ్గర మాత్రమే తాకితే ≥ లేదా ≤. మీ లెక్కలోనే రెండో సమీకరణం y² − 12y + 35 = 0 అయి ఉంటే y అంటే 5, 7. అప్పుడు పై ముక్క 5 దగ్గర ఆగుతుంది, కింది ముక్క 5 దగ్గరే మొదలవుతుంది. x = 5, y = 5 అయితే సమానం, మిగతా మూడు జతల్లోనూ x చిన్నది. జవాబు x ≤ y. మీరు పెట్టిన జవాబు ఈ లెక్కకి సరిపోయేది.

ఈ తేడా దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మీ మూడు తప్పుల్లో రెండు ఇక్కడివే. రెండువైపులా ఒకే అంకె కనిపించగానే మీ చెయ్యి ≥ లేదా ≤ మీదకి వెళ్లిపోతోంది. ఉమ్మడి అంకె ఉంటే చాలదు. ఆ అంకె ఒకరి పెద్ద మూలం, రెండోవారి చిన్న మూలం అయి ఉండాలి. మీ లెక్కలో 4 అనేది x కీ చిన్నదే, y కీ చిన్నదే. రెండు ముక్కలూ ఒకే చోట మొదలై ఒకే దిక్కుకి వెళ్తున్నాయి, కాబట్టి మీద పడక తప్పదు. కోచింగ్‌లో మీకు చెప్పని వాక్యం ఇదే అనుకుంటాను: "x పెద్దదా?" అని తేల్చడానికి x లో చిన్నదాన్ని, y లో పెద్దదాన్ని మాత్రం చూడాలి. "x చిన్నదా?" అని తేల్చడానికి x లో పెద్దదాన్ని, y లో చిన్నదాన్ని చూడాలి. ఎప్పుడైనా ఎదురెదురు కొనలే, ఒకే వైపు కొనలు కాదు.

ఇక మైనస్ గుర్తు దగ్గర పోయిన లెక్క. మీ రెండో కాగితం మధ్యలో ఉంది. I. 2x² + 11x + 15 = 0, II. 4y² + 13y + 10 = 0. మొదటిదానికి 2ని 15తో గుణించి 30 అని రాశారు, కలిపితే 11 వచ్చేలా 6, 5 అని విడగొట్టారు. రెండోదానికి 4ని 10తో గుణించి 40, కలిపితే 13 వచ్చేలా 8, 5. రెండూ సరైనవే. తర్వాత 6/2, 5/2 అని భాగించి 3, 2.5 అన్నారు. 8/4, 5/4 అని 2, 1.25 అన్నారు. పెద్ద పెద్ద అంకెలన్నీ x వైపు ఉన్నాయి కాబట్టి x > y పెట్టారు. గుర్తు మార్చడం మర్చిపోయారు. అసలు మూలాలు x కి −3, −2.5. y కి −2, −1.25. అన్నీ సున్నాకి ఎడమ పక్కన ఉన్నవే, −2.5 కంటే −2 పెద్దది, కాబట్టి జవాబు x < y. చూశారుగా, గుర్తు మర్చిపోతే జవాబు కొంచెం తప్పడం కాదు, పూర్తిగా తిరగబడుతుంది. ఆ తిరగబడిన జవాబు కూడా ఆప్షన్లలో ఉంటుంది కాబట్టి మీకు అనుమానమే రాదు.

దీనికి నేను మా పిల్లల చేత చేయించేది ఒకటుంది. విడగొట్టిన అంకెలు రాసేటప్పుడే గుర్తు మార్చి రాయమంటాను. +11 కనిపించగానే 6, 5 అని కాకుండా −6, −5 అని కలం పెట్టాలి. ముందు రాసి తర్వాత మారుద్దాం అనుకుంటే టెన్షన్‌లో ఆ "తర్వాత" రాదు. అనుమానం వస్తే ఒక తనిఖీ ఉంది, మూడు సెకన్లు పడుతుంది. రెండు మూలాల్నీ కలిపితే మధ్య గుణకం గుర్తు మారి, మొదటి గుణకంతో భాగించిన విలువ రావాలి. ఇక్కడ −3, −2.5 కలిపితే −5.5. పదకొండుని రెండుతో భాగించి గుర్తు మారిస్తే అదే −5.5. భాగించడం మర్చిపోయినా, గుర్తు మర్చిపోయినా ఈ తనిఖీలో దొరికిపోతుంది.

వర్గమూలం లెక్క ఇంకా చిత్రమైనది. I. x = √144, II. y² = 144. మీరు రెండింటికీ 12 అని రాసి, x = y ఉన్న ఐదో ఆప్షన్ పెట్టారు. √ గుర్తు ప్రశ్నలోనే ఉంటే దాని విలువ ధనాత్మకమే, x అంటే 12 ఒక్కటే. y² = 144 అంటే వర్గం చేస్తే 144 వచ్చే అంకెలు ఏవని అడుగుతున్నారు, అవి 12, −12 రెండూ. x = 12ని y = 12తో చూస్తే సమానం, y = −12తో చూస్తే x పెద్దది. జవాబు x ≥ y. మీ పక్కన కూర్చున్న ఇంకొకరు √144కి కూడా ±12 రాశారనుకోండి, వాళ్లకి సీఎన్‌డీ వస్తుంది. అది కూడా అదే ఐదో ఆప్షన్. x = y అనేదీ, సంబంధం చెప్పలేమనేదీ ఒకే ఆప్షన్‌లో కలిపి ఇస్తారు కాబట్టి రెండు వేర్వేరు తప్పులు చేసినవాళ్లు ఒకే గుంటలో పడతారు. √ కనిపిస్తే ఒకటి, పవర్ 2 కనిపిస్తే రెండు అని గుర్తుంచుకోండి.

ఇలాంటిదే ఇంకొకటి మీ కాగితాల్లో లేదు గానీ చెబుతాను. x² + 5x = 0, y² − 3y = 0 అని ఇస్తే చాలామంది రెండువైపులా x కొట్టేసి x = −5, y = 3, కాబట్టి x < y అంటారు. కొట్టేసినప్పుడు సున్నా అనే మూలం పోయింది. x అంటే 0, −5. y అంటే 0, 3. రెండు ముక్కలూ సున్నా దగ్గర తాకుతున్నాయి, జవాబు x ≤ y.

ఇప్పుడు ఆ సైన్ చార్ట్ సంగతి. దాన్ని బట్టీ పట్టమనడం నాకు నచ్చలేదు, కానీ చార్ట్ పనికిరానిది కాదు. అందులో ఉన్నదంతా ఒక్క విషయం నుంచి వస్తుంది. మొదటి గుణకం ప్లస్ అయినప్పుడు, చివరి అంకె గుర్తు రెండు మూలాల గుణకారం గుర్తు. చివర ప్లస్ ఉంటే రెండు మూలాలూ ఒకే గుర్తువి, మైనస్ ఉంటే ఒకటి ప్లస్ ఒకటి మైనస్. ఒకే గుర్తువి అయినప్పుడు ఏ గుర్తో మధ్య పదం చెబుతుంది, తిరగేసి. మధ్యలో మైనస్ అయితే రెండూ ప్లస్, మధ్యలో ప్లస్ అయితే రెండూ మైనస్. ఇది అర్థమైతే చార్ట్ మీకు అక్కర్లేదు, మీరే ఎప్పుడంటే అప్పుడు రాసుకోగలరు.

దీనితో పని ఎక్కడ తగ్గుతుందో చూడండి. రెండు సమీకరణాల్లోనూ చివర మైనస్ ఉందనుకోండి. x కి ఒక ప్లస్, ఒక మైనస్. y కి కూడా అంతే. x ప్లస్‌ని y మైనస్‌తో చూస్తే x పెద్దది, x మైనస్‌ని y ప్లస్‌తో చూస్తే x చిన్నది. అంకెలు ఏవైనా సరే ఇది మారదు. కాబట్టి విడగొట్టకుండానే ఐదో ఆప్షన్ పెట్టి ముందుకు వెళ్లొచ్చు, ఐదు సెకన్ల పని. అలాగే ఒకదానిలో మధ్యలోనూ చివరా ప్లస్సే, రెండోదానిలో మధ్య మైనస్, చివర ప్లస్ ఉంటే ఒకవైపు రెండూ మైనస్ మూలాలు, రెండోవైపు రెండూ ప్లస్ మూలాలు. మైనస్ వైపు చిన్నది, అయిపోయింది.

ఒకదానికి చివర మైనస్, రెండోదానికి చివర ప్లస్ ఉంటే గుర్తులతో పూర్తిగా తేలదు, కానీ సగం తేలుతుంది. x కి రెండూ ప్లస్ మూలాలే, y కి ఒకటి ప్లస్ ఒకటి మైనస్ అనుకోండి. y మైనస్ మూలం x రెండింటికంటే చిన్నదని ముందే తెలుసు. ఇక x < y, x ≤ y రెండూ రావు. x చిన్న మూలాన్ని, y ప్లస్ మూలాన్ని చూస్తే చాలు.

రెండింటిలోనూ చివర ప్లస్ ఉండి మధ్య గుర్తు కూడా ఒకటే అయితే గుర్తులు ఏమీ చెప్పవు. మీ నంద్యాల లెక్క అలాంటిదే. అక్కడ పూర్తిగా విడగొట్టి గీత మీద పెట్టాల్సిందే, వేరే షార్ట్‌కట్ లేదు. భిన్నాలు దగ్గర దగ్గరగా పడినప్పుడు మాత్రం దశాంశాల్లోకి మార్చకుండా అడ్డంగా గుణించండి. ఉదాహరణకి −7/3 పెద్దదా, −9/4 పెద్దదా? 7ని 4తో గుణిస్తే 28, 9ని 3తో గుణిస్తే 27. మైనస్ లేకుండా 7/3 పెద్దది, కాబట్టి మైనస్‌తో −7/3 చిన్నది. ఇది కూడా ఎదురెదురు కొనలకే చేయండి, నాలుగు అంకెలకీ చేయొద్దు.

గుర్తులు చూసే ముందు ఒక జాగ్రత్త. సమీకరణం అంతా ఒకవైపు, సున్నా ఇంకోవైపు ఉండాలి. x² = 3x + 40 అని ఇస్తే మీ కంటికి ప్లస్‌లే కనిపిస్తాయి. ఇవతలికి తెస్తే x² − 3x − 40 = 0, చివర మైనస్. సర్దకుండా గుర్తులు చదివితే చార్ట్ సరిగ్గా గుర్తున్నా జవాబు తప్పుతుంది. అలాగే 3x + 2y = 19, 2x − y = 1 లాంటివి వచ్చినప్పుడు ఈ పద్ధతి ఏదీ వాడకండి. అక్కడ రెండు సమీకరణాల్లోనూ x, y కలిసే ఉన్నాయి, నిజంగానే ఒక జత ఉంది. x = 3, y = 5 అని ఒక్కటే వస్తుంది, నేరుగా x < y.

వదిలేయాలా అన్న మీ ప్రశ్నకి వస్తాను. మూడు దారులున్నాయి, మూడింటికీ ఖర్చుంది.

రూమ్మేట్ చెప్పినదాన్ని ముందు చూద్దాం. తప్పుకి పావు మార్కు పోతుంది. చదవకుండా పెడితే ఐదు ఆప్షన్లలో ఒకటి తగిలే అవకాశం, అంటే సగటున ఐదింటికి ఒకటి కరెక్ట్, నాలుగు తప్పు. వచ్చేది 1, పోయేది నాలుగు పావులు, అంటే 1. చేతికి సున్నా. ఒకవేళ ఆ సెట్‌లో రెండు సీఎన్‌డీలు ఉంటే 2 లోంచి ముప్పావు పోయి 1.25 వస్తుంది. ఉంటాయని ఎవరూ చెప్పలేరు. ఇక్కడ మీరు ఇంకొకటి గమనించాలి, చెప్పకుండా ఉండలేను. ఐదింటికీ జవాబు పెట్టి రెండు కరెక్ట్ చేస్తే ఇప్పుడు మీకూ వచ్చేది అదే 1.25. ఆమెకి పది సెకన్లు, మీకు ఆరు నిమిషాలు. ఆమె మాట మీకు అంత బలంగా వినిపించడానికి కారణం ఇదేనని నాకనిపిస్తోంది. అయినా ఆమె దారిలో వెళితే పరీక్ష పరీక్షకీ మార్కు మీ చేతిలో ఉండదు.

పూర్తిగా వదిలేయడం రెండో దారి. క్లర్క్ ప్రిలిమ్స్‌లో క్వాంట్‌కి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకి 34 సెకన్లు. ఈ ఐదింటి మీద పెట్టే ఆరు నిమిషాలు దాదాపు పదిన్నర ప్రశ్నల సమయం. సింప్లిఫికేషన్, నంబర్ సిరీస్ మీరు ప్రతిసారీ పూర్తి చేయలేకపోతుంటే వదిలేయడం తప్పు కాదు. పైగా ఈ ఐదు ప్రశ్నల సెట్ ప్రతి షిఫ్టులోనూ వస్తుందన్న హామీ లేదు. దీని ఖర్చు ఏమిటంటే, వచ్చిన రోజు తక్కిన వాళ్లు రెండున్నర నిమిషాల్లో తెచ్చుకునే నాలుగైదు మార్కులు మీకు ఉండవు. ఒకటిన్నర మార్కులో పోయినవారికి అది చిన్న సంగతి కాదు. మీరు మిగతా సెక్షన్ల మార్కులు రాయలేదు కాబట్టి ఆ లోటు అక్కడ పూడుతుందో లేదో మీరే చూసుకోవాలి.

నేను మొగ్గేది మూడోదాని వైపు. ఐదింటినీ చేయాలన్న పట్టుదల వదలండి, టాపిక్‌ని వదలొద్దు. సెట్ కనపడగానే లెక్క మొదలుపెట్టకుండా ఐదు ప్రశ్నల గుర్తులూ ఒకసారి చదవండి. రెండువైపులా చివర మైనస్ ఉన్నవి, ఒకవైపు అన్నీ మైనస్ మూలాలు, ఇంకోవైపు అన్నీ ప్లస్ మూలాలు వచ్చేవి అక్కడికక్కడే పెట్టేయండి. తర్వాత మొదటి గుణకం 1 ఉన్నవి విడగొట్టండి. 6x², 12y² లాంటివి ఆఖరికి ఉంచి, గుణకారం చేశాక పది సెకన్లలో జత తట్టకపోతే ఖాళీగా వదిలి వెళ్లిపోండి. మూడు చేసి మూడూ కరెక్ట్ అయితే మూడు మార్కులు, రెండు నిమిషాలు. ఐదు చేసి మూడు తప్పు పెట్టడం కంటే చాలా మేలు. దీనికీ ఖర్చుంది. చూడగానే తేలే లెక్కలు సెట్‌లో ఒక్కటీ లేని రోజు రావచ్చు. ఆ రోజు మీరు రెండింటితో సరిపెట్టుకుని బయటికి రావాలి, ఆ ధైర్యం మాక్ టెస్టుల్లోనే అలవాటు కావాలి.

24 రోజుల్లో మొదటి వారం కొత్త లెక్కలు చేయకండి. మీ దగ్గర ఇప్పటికే చేసిన రఫ్ పేపర్లు ఉన్నాయి కదా, వాటిలోని మూలాల్నే తీసుకుని గీత మీద పెట్టి జవాబు మళ్లీ రాయండి. మూలాలు సరిగ్గా వస్తున్నప్పుడు వాటి మీదే సమయం పెట్టడం ఎందుకు? రోజుకి పది చాలు. రెండో వారం గుర్తులు మాత్రమే చూసి "తేలింది, సగం తేలింది, తేలలేదు" అని పక్కన రాయడం, విడగొట్టకుండా. ఆ తర్వాతే టైమర్ పెట్టుకోండి. రెండో వారం చివరికి కూడా ఐదింటికి రెండే వస్తుంటే అప్పుడు వదిలేయడం గురించి ఆలోచించండి. నాన్నగారితో కూడా అప్పుడు మాట్లాడటం సులువు. "లెక్కలు రావట్లేదు" అనడం వేరు, ఏది ఎందుకు తప్పిందో కాగితం చూపించడం వేరు.

చివరిగా, మీరు ఖాళీ వదిలిన పదో లెక్క. I. x² − 3x − 40 = 0, II. y² − 19y + 88 = 0. 88 చూసి ఆగిపోయినట్టున్నారు, కాగితం మీద 44, 2 అని రాసి కొట్టేశారు. ముందు గుర్తులు చూడండి. మొదటిదానికి చివర మైనస్, అంటే x కి ఒక ప్లస్, ఒక మైనస్. రెండోదానికి మధ్య మైనస్, చివర ప్లస్, అంటే y కి రెండూ ప్లస్. x మైనస్ మూలం y రెండింటికంటే ఎలాగూ చిన్నదే, కాబట్టి మిగిలింది x ప్లస్ మూలం, y చిన్న మూలం. 40ని 3 తేడాతో విడగొడితే 8, 5. మధ్యలో మైనస్ ఉంది కాబట్టి పెద్దది ప్లస్, x ప్లస్ మూలం 8. 88ని కలిపితే 19 వచ్చేలా విడగొడితే 8, 11. y చిన్న మూలం 8. రెండు ముక్కలూ 8 దగ్గర తాకి ఆగాయి. జవాబు x ≤ y. ఇందులో −5ని గానీ 11ని గానీ ఒక్కసారి కూడా పోల్చలేదు చూడండి.